కార్డులో మనం వాడని డబ్బు పోతే

నేను వాడకుండానే కార్డు నుంచి డబ్బు పోయింది. ఎన్నాళ్లలోపు చెబితే బ్యాంకు తిరిగిస్తుంది?

మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకపోతే, మెసేజ్ వచ్చిన రోజు వదిలేసి మూడు పనిదినాల్లో చెబితే పైసా నష్టం మీది కాదు. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది. మెసేజ్ చూసి కూడా ఊరుకుంటే దొంగకు ఇంకా దారి ఇచ్చినట్టే కాబట్టి ఆలస్యానికి కొంత భారం మీమీద పడుతుంది. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఏడు దాటితే ఆ బ్యాంకు విధానమే దిక్కు.

కడపలో ఒకరి ఖాతాలో 18,000 పోయినట్టు సోమవారం మెసేజ్ వచ్చిందనుకోండి. గురువారంలోపు చెబితే మొత్తం వెనక్కి. శుక్రవారం చెబితే 8,000 మాత్రమే. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ సొమ్ము ఖాతాలో తాత్కాలికంగా వేయాలి. అందుకే కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

ఓటీపీ మనమే చెప్పేశాం, ఇక ఫిర్యాదు దండగ అని చాలామంది ఊరుకుంటారు. అది పొరపాటు. చెప్పేదాకా పోయింది మీదే, నిజమే. కానీ ఫిర్యాదు చేశాక పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే.