ఎన్నారై సందేహాలు: విశాఖ రిసెప్షన్‌లో టేబుల్ నంబర్లు, సీటింగ్ చార్ట్

ప్రశ్న: అన్నయ్యా, నేను డాలస్‌కి వచ్చి ఏడాదైంది. పెళ్లి విశాఖపట్నంలో. ఇక్కడ చూసిన రిసెప్షన్లలో గుమ్మం దగ్గర సీటింగ్ చార్ట్ పెట్టి, ఎవరి టేబుల్ వాళ్లకి చూపించడం నచ్చింది. మా పెళ్లికీ అలా చేద్దామనుకుంటే ఇంట్లో అందరూ ‘మనవాళ్లకి అవన్నీ నడవవు’ అంటున్నారు. స్నేహితులేమో టేబుళ్లకి బీచ్‌ల పేర్లు పెట్టమంటున్నారు. ఎలా చేస్తే నడుస్తుంది?

తమ్ముడూ, ఇంట్లోవాళ్ల మాట సగం నిజమే. ఎనిమిది వందల మంది వచ్చి, స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి, ఫొటో దిగి, బఫేలో ప్లేటు పట్టుకుని గంటలో వెళ్లిపోయే రిసెప్షన్‌కి చార్ట్ పెట్టకు. అక్కడ దాన్ని ఎవరూ చూడరు, చూడాల్సిన అవసరమూ లేదు. అందరూ కూర్చుని వడ్డన చేయించుకునే విందుకైతే మాత్రం తప్పకుండా పనికొస్తుంది. ముహూర్తం మర్నాటి సాయంత్రం దగ్గరివాళ్లకి, అమెరికా నుంచి వచ్చే నీ స్నేహితులకి కలిపి 240 మందికి అలాంటి విందు పెడుతున్నావనుకుని చెప్తాను.

ముందు టేబుళ్లు. బాంక్వెట్ హాళ్లలో మామూలుగా ఉండే ఐదడుగుల గుండ్రటి టేబుల్‌కి ఎనిమిది మంది హాయిగా కూర్చుంటారు, సర్దుకుంటే పది మంది. నువ్వు పది కుర్చీలు వేయించి, చార్ట్‌లో ఎనిమిది మందినే రాయి. మన శుభలేఖలు ‘సకుటుంబ సపరివార సమేతంగా’ రమ్మంటాయి కాబట్టి, నలుగురనుకున్న చోట ఐదుగురు రావడం మామూలే. 240 మందికి 30 టేబుళ్లు, పేరు రాయకుండా ఉంచడానికి ఇంకో రెండు, మొత్తం 32. మనిషికి టేబుల్ మాత్రమే చెప్పు, ఫలానా కుర్చీ అని చెప్పకు. టేబుల్ దగ్గరికి చేరాక ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో వాళ్లే చూసుకుంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చార్ట్‌ని చాలామంది టేబుల్ వారీగా రాస్తారు: ఒకటో టేబుల్ కింద ఎనిమిది పేర్లు, రెండో టేబుల్ కింద ఎనిమిది, అలా ముప్ఫై గడులు. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ వచ్చినవాడికి తెలిసింది తన పేరు, తెలియనిది టేబుల్ నంబరు. ఆ చార్ట్‌లో తన పేరు దొరకాలంటే ముప్ఫై గడులూ వెతకాలి. ఐదారు టేబుళ్ల విందుకి పరవాలేదు. ముప్ఫై ఉన్నప్పుడు మాత్రం పేర్లు అక్షర క్రమంలో ఉండాలి, ఎదురుగా టేబుల్ నంబరు ఉండాలి.

ఏ పేరు అక్షర క్రమంలో? అమెరికాలో లాస్ట్ నేమ్ ప్రకారం పెడతారు. దాన్ని మనం తెచ్చి పెట్టుకుంటే చిక్కే. మన వాళ్లలో ఒకే ఇంటిపేరు వాళ్లు నలభై మంది వస్తారు. ఇంగ్లిష్‌లో పొడి అక్షరాలు ముందు పెడితే ఇంకా కష్టం, వీవీ సత్యనారాయణ, వీ రమణ, వీఎస్ రావు అందరూ ఒకే అక్షరం కింద చేరిపోతారు. అందుకని మనిషిని పిలిచే పేరుతోనే మొదలుపెట్టు, ఇంటిపేరు తరవాత చిన్నగా రాయి. పేరు ముందు శ్రీ, శ్రీమతి, డాక్టర్ ఏవీ వద్దు. పెద్దవాళ్లకి మర్యాద తగ్గిందనిపిస్తే పేరు చివర ‘గారు’ చేర్చు, వరస చెడిపోదు. ఆడవాళ్ల పేర్లు భర్త పేరు కింద దాచకుండా విడిగా రాయి. భార్యాభర్తల్లో ముందు లోపలికి వచ్చినవాళ్లకే నంబరు కావాలి కదా.

విశాఖలో ఇంకో సంగతి ఉంది. సింహాచలం అప్పన్న స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో నీకు తెలుసు. అప్పారావు, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అంతా ‘అ’ కిందే. ముగ్గురు అప్పారావులుంటే ఇంటిపేరు ఒక్కటే చాలదు, ఇద్దరిది ఒకటే కావచ్చు. పక్కన ఊరు రాయి: గాజువాక, అనకాపల్లి, పెందుర్తి. అది ఎవరికీ తప్పుగా అనిపించదు.

అమ్మగారిచ్చే లిస్టులో మాత్రం ఈ పేర్లేవీ ఉండవు. ‘గాజువాక బాబాయి వాళ్లు నలుగురు’, ‘బుజ్జి, వాళ్లాయన’ అని ఉంటుంది. దాన్ని పేర్లలోకి మార్చడమే ఈ పనిలో ఎక్కువ సమయం తినేది. ఫోన్లో అమ్మతో ఒక ఆదివారం కూర్చో, పెళ్లికి మూడు వారాల ముందే. నువ్వు రాసుకునే షీట్‌లో మొదటి వరస శీర్షికలకి వదిలి, నాలుగు గడులు చాలు: పేరు, ఇంటిపేరు, ఊరు, టేబుల్. పిల్లల పేర్లూ షీట్‌లో ఎక్కించు, బోర్డు మీదకి వద్దు. ఐదో గడిలో రెండో వరస నుంచి కిందిదాకా ఇది పెట్టు:

```
=COUNTIF(D:D,D2)
```

ఆ టేబుల్‌లో ఇప్పటికి ఎంతమంది ఉన్నారో ప్రతి పేరు పక్కనా కనిపిస్తుంది. ఎనిమిది దాటిందంటే ఎవరినో జరపాలి.

లిపి మాట. పెద్దవాళ్ల కోసం తెలుగు బోర్డు, అమెరికా స్నేహితులకీ అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకీ విడిగా ఇంగ్లిష్ బోర్డు పెట్టు. రెండు లిపులూ ఒకే వరసలో కలిపితే ఏ క్రమమూ నిలబడదు. తెలుగులో రాస్తే ఇంకో లాభం, శ్రీనివాస్‌ని ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు, తెలుగులో దాదాపు ఒకటే. శ, స కింద పేర్లు మాత్రం ఒకే బోర్డు మీద ఉండేలా చూడు. ఒక దానికోసం ఇంకోదాని కింద వెతికేవాళ్లు చాలామంది.

బోర్డు కొలతలు చెప్తాను. పిల్లల్ని తీసేస్తే 210 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకో. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు సన్‌బోర్డ్, అంటే ప్రింటు అతికించే తేలికపాటి ఫోమ్ అట్ట, తీసుకుని, అక్షరం 36 పాయింట్లు, వరసకి ముప్పావు అంగుళం ఇవ్వు. ఇంగ్లిష్‌కి ఇంత అక్కర్లేదు, తెలుగుకి కింద వొత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసలు దగ్గరైతే ఒకదానిలో ఒకటి దూరి చదవలేం. పైన శీర్షికకి ఐదంగుళాలు వదిలితే ఒక్కో నిలువు వరుసకి 41 పేర్లు, రెండు నిలువు వరుసల్లో 82. అంటే మూడు బోర్డులు. ఒక దాంట్లోనే అందరినీ ఇరికించాలని చూడకు. సాయంత్రం ఎనిమిదింటికి అందరూ ఒకేసారి దిగుతారు. వంద కుటుంబాలు గంటలో వచ్చి, ఒక్కో కుటుంబం బోర్డు దగ్గర అరనిమిషం నిలబడితే, ఒక్క బోర్డుకి యాభై నిమిషాలు ఖాళీ లేకుండా పని. మధ్యలో నలుగురు పలకరింపులకి ఆగితే చాలు, గుమ్మం మూసుకుపోతుంది. మూడు బోర్డుల మధ్య ఆరడుగుల దూరం ఉంచి, ప్రతి దాని మీదా ఏ అక్షరాల నుంచి ఏ అక్షరాల దాకా అన్నది పెద్దగా రాయించు. అక్షరాల సంఖ్య చూసి మూడు సమాన భాగాలు చేయకు, పేర్ల సంఖ్య చూసి చెయ్యి. మనవాళ్ల పేర్లు ర, ల, వ, శ, స దగ్గర గుంపుగా ఉంటాయి.

బోర్డులు గుమ్మంలోనే వద్దు. పన్నీరు చల్లి, గంధం ఇచ్చే బల్ల దాటి నాలుగడుగులు లోపలికి ఉంటే, బల్ల దగ్గర ఆగినవాళ్లు బోర్డు దగ్గర మళ్లీ అడ్డం పడరు. బోర్డు కింది అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉండాలి. మెరిసే లామినేషన్ వద్దు, వీడియో లైట్లు పడితే సగం పేర్లు కనిపించవు. మ్యాట్ అని గట్టిగా చెప్పు. బీచ్ రోడ్డు వైపు లాన్‌లో అయితే సాయంత్రం సముద్రపు గాలికి స్టాండు పడిపోతుంది, కాళ్లకి ఇసుక మూటలు కట్టించు, బోర్డు మీద ఒక లైటు వేయించు.

ఇక టేబుల్ దగ్గరికి చేరడం. నీ స్నేహితులెవరో టేబుళ్లకి బీచ్‌ల పేర్లు పెట్టమన్నారని రాశావు. ముప్ఫై రెండు పేర్లు పెడితే ఏది దేని పక్కన ఉందో ఎవరికీ తెలియదు. నంబర్లే ఉంచు, పేర్లు వరసలకి ఇవ్వు. హాల్లో ఎనిమిదేసి టేబుళ్లు నాలుగు వరసలు అనుకుందాం, మధ్యలో దారి, ఎదురుగా స్టేజీ. గుమ్మం దగ్గరి వరస యారాడ, తరవాత ఆర్కే బీచ్, ఆ తరవాత రుషికొండ, స్టేజీ దగ్గరిది భీమిలి. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట ఉన్న క్రమమే ఇది, విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. యారాడలో 1 నుంచి 8, ఆర్కే బీచ్‌లో 9 నుంచి 16, రుషికొండలో 17 నుంచి 24, భీమిలిలో 25 నుంచి 32.

ప్రతి వరసా ఎడమ నుంచి కుడికే లెక్కించు. ఒకటి ఇటు, ఇంకోటి అటు తిప్పితే వడ్డించేవాళ్లకి బాగుంటుందేమో గాని, అతిథికి తికమక. ఇలా పెడితే 19 అన్నవాడు మూడో వరసకి వెళ్లి, ఎడమ నుంచి మూడోది చూస్తాడు. పేరు రాయని రెండు టేబుళ్లు 1, 2 కావాలి. లిస్టులో లేనివాళ్లు గుమ్మం దగ్గరే కూర్చుంటే ఎవరూ మొహమాటపడరు. దగ్గరి బంధువులకి భీమిలి ఇవ్వు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మాత్రం మధ్య దారి పక్క టేబుళ్లు, స్పీకర్లకి దూరంగా.

బోర్డు తయారుచేసేవాళ్లు సాధారణంగా వాడే లెక్క, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. మధ్య దారి నుంచి వరస చివరి టేబుల్ నలభై అడుగులుంటే అంకె నాలుగంగుళాలు ఉండాలి. అద్దం మీద బంగారు రంగుతో మెలికలు తిరిగిన అంకెలు ఫొటోకి బాగుంటాయి, స్టేజీ లైట్ల కింద చదవలేం. తెల్లటి మ్యాట్ మీద ముదురు రంగు అంకె, స్టాండుకి రెండు వైపులా. పూలబుట్ట కంటే పైకి ఉండాలి. ౧౪ అని తెలుగు అంకెలు పెట్టకు, చాలామంది ఆగి ఆలోచిస్తారు. మనుషులు నిలబడి ఉంటే టేబుల్ మీది అంకె ఎలాగూ మరుగున పడుతుంది కాబట్టి, ‘రుషికొండ 17–24’ అన్న వరస బోర్డు మధ్య దారి దగ్గర ఏడడుగుల ఎత్తున కట్టించు.

ఆ రోజు పొద్దున్నే ప్రతి కుటుంబానికీ వాట్సాప్‌లో పంపు: ‘బాబాయ్, మీ టేబుల్ 19, రుషికొండ వరస.’ సగం మందికి బోర్డుతో పనే ఉండదు. ఇద్దరు కజిన్లకి చెరో కాగితం ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టు, ఒకవైపు పేర్ల వరసలో, వెనక టేబుళ్ల వరసలో. ‘నా పేరు లేదే’ అన్నవాళ్లకి మొదటి వైపు, ‘ఈ టేబుల్‌లో ఖాళీ ఉందా’ అన్నప్పుడు రెండో వైపు కావాలి.

బోర్డు ప్రింటుకి ముందు రోజు సాయంత్రమే ఇవ్వు, ఆ తరవాత వచ్చే మార్పులు ఆ రెండు కాగితాల మీదే పెన్నుతో రాయించు. టేబుళ్లు వేశాక, హాలు చూడని పిన్నినో అత్తనో ఒకరిని గుమ్మంలో నిలబెట్టి, వాళ్ల పేరు వెతుక్కుని టేబుల్ చేరమను. నువ్వు ఏమీ చెప్పకు. ఆవిడ ఎక్కడ ఆగి చుట్టూ చూస్తే, అక్కడ ఇంకో బాణం గుర్తు అతికించాలి.