"ఎలా ఉంది?" అని అడిగితే బటన్ రంగు గురించే చెబుతారు

ప్రశ్న: నా డిజైన్ చూపించి అభిప్రాయం అడిగితే "బాగుంది" అనో, "ఆ రంగు మార్చు" అనో అంటారు. పనికొచ్చే మాట రావాలంటే ఎలా అడగాలి?

చూసేవాళ్లని తప్పుపట్టకండి. బొమ్మ ఒక్కటే చేతికిస్తే వాళ్లు బొమ్మ గురించే మాట్లాడతారు.

మా టీమ్‌లో ఒకమ్మాయి షాపింగ్ యాప్‌కి అడ్రస్ నింపే స్క్రీన్ చేసి, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి "ఎలా ఉందో చెప్పండి" అంది. ఒకరు బటన్ ఆకుపచ్చగా ఉండాలన్నారు, ఇంకొకరు మూలలు గుండ్రంగా చేయమన్నారు, సాయంత్రం దాకా అదే గొడవ. ఫారం నింపడం తేలికా కష్టమా అని ఒక్కరూ అనలేదు. మర్నాడు ఇద్దరం కూర్చుని మెసేజ్ తిరగరాశాం. దాదాపు ఇలా:

"మొదటిసారి కొనేవాళ్లు చిన్న ఫోన్లలో చూసే స్క్రీన్ ఇది. చాలామంది ఫోన్ నంబర్ దగ్గర ఆగి వెనక్కి వెళ్లిపోతున్నారు, అది తగ్గాలి. నంబర్ తీసేయలేం, డెలివరీకి వచ్చేవాళ్లు ఫోన్ చేయాలి. బటన్ రంగు యాప్ అంతటా ఒకటే, ఇక్కడ మార్చలేం. అమరిక ఇంకా ఖరారు కాలేదు. నంబర్ ఎందుకు అడుగుతున్నామో అర్థమవుతోందా? కీబోర్డ్ తెరుచుకున్నాక ఏం చేయాలో తెలుస్తోందా?"

దీంతోపాటు 360 పిక్సెళ్ల వెడల్పులో, కీబోర్డ్ తెరిచి ఉన్న స్క్రీన్, తప్పు నంబర్ కొట్టినప్పటి స్క్రీన్ కూడా పెట్టాం. టెస్టింగ్ చేసే అతను వెంటనే పట్టేశాడు: నంబర్ ఎందుకో చెప్పే వాక్యం పెట్టె కింద ఉంది, కీబోర్డ్ రాగానే అది కనిపించడం లేదు, పెట్టె పైకి మార్చండి అని. ఫారంలో రెండు ఫోన్ నంబర్లు అడుగుతున్నాం, రెండోదానికీ తప్పనిసరి అనే నక్షత్రం గుర్తు ఉంది. దాని గురించి డెవలపర్ ఇంకో మాట చెప్పాడు. ఫోన్ చేయడానికే అయితే ఒక నంబర్ చాలు, రెండో నంబర్ డేటాబేస్‌లో తప్పనిసరి కాదు, ఆ నక్షత్రం గుర్తు ఎవరో స్క్రీన్ మీద పెట్టిందే అన్నాడు. "నంబర్ తీసేయలేం" అని ఊరుకుని ఉంటే ఆ మాట వచ్చేదే కాదు. అందుకే ఏది మార్చలేమో చెప్పేటప్పుడు కారణం కూడా రాయండి. "మేనేజర్ వద్దన్నారు" అంటే అది కారణం కాదు, ఆయన ఎందుకు వద్దన్నారో కనుక్కుని రాయండి.

లింకుల సంగతి కూడా చెప్పాలి. అనుమతి ఇవ్వని లింకు పంపేవాళ్లు, పాత వెర్షన్లన్నీ ఉన్న ఫైల్ మొత్తం పంపి ఏది చూడాలో చెప్పనివాళ్లు, నిజంగా విసుగు తెప్పిస్తారు. ఆ ఒక్క ఫ్రేమ్ లింకు ఇవ్వండి చాలు.

ఒక జాగ్రత్త. సందర్భం చెప్పడం వేరు, మీ డిజైన్‌ని సమర్థించుకోవడం వేరు. "అందరికీ కనిపించాలని వాక్యం ఇక్కడ పెట్టాను" అని రాస్తే చదివినవాళ్లు దాన్నే వెతికి చూస్తారు, అది కనిపిస్తోందో లేదో మీకు తెలియదు. తొలిచూపులో అర్థమవుతోందా అన్నదే మీ సందేహమైతే, ఆ మెసేజ్ చదవని ఒకరికి ముందు స్క్రీన్ చూపించి "ఇక్కడ ఏం చేస్తావు?" అని అడగండి, వివరాలు ఆ తర్వాత చెప్పండి.