తెల్లవారుజామున అమ్మ చనిపోయినట్టు కల వచ్చింది, నిజమవుతుందా?

"నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, అమ్మ మదనపల్లెలో ఒక్కతే ఉంటుంది. పది రోజుల కిందట తెల్లవారుజామున నాలుగున్నరకి అమ్మ చనిపోయినట్టు, నేను బస్సు దిగి వెళ్లేసరికి అంతా అయిపోయినట్టు కల వచ్చింది. ఆ వేళ వచ్చిన కల నిజమవుతుందంటారు కదా. రోజుకి ఆరేడుసార్లు ఫోన్ చేస్తున్నాను, ఎత్తకపోతే చేతులు వణుకుతున్నాయి."

ముందు ఆ నాలుగున్నర సంగతి చూద్దామమ్మా, మీ భయమంతా దాన్ని పట్టుకునే ఉంది. నిద్ర సుమారు గంటన్నరకో విడతగా సాగుతుంది, ప్రతి విడత చివర రెప్పల కింద కళ్లు చకచకా కదిలే దశ ఒకటి వస్తుంది, స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. రాత్రి మొదట్లో అది కొన్ని నిమిషాలే, తెల్లవారేసరికి అరగంట దాకా ఉండొచ్చు. పైగా ఆ వేళకి నిద్ర పలచబడి కల మధ్యలోనే మెలకువ వస్తుంది కాబట్టి అంతా కళ్లకి కట్టినట్టు గుర్తుంటుంది. పన్నెండింటికి వచ్చిన కల పొద్దునకి గుర్తే ఉండదు. తెల్లవారుజాము కలకి అంత పేరు రావడానికి కారణం ఇదే. బాగా గుర్తుండటం వేరు, జరగబోవటం వేరు.

కలలో పోతే ఆయుష్షు పెరుగుతుందని కూడా మన ఇళ్లల్లోనే అంటారు. భయపడ్డ మనసుకి ఆ మాట గుర్తురాదు. అలాగే ఫలానావాళ్లకి కలొచ్చింది, నిజంగానే జరిగింది అన్న సంగతి పదేళ్లు చెప్పుకుంటారు, ఏమీ జరగని వేల కలల్ని ఎవరూ చెప్పుకోరు.

మీ కలలో నాకు బాగా కనిపించింది చావు కన్నా ఆ బస్సు. ఏదైనా అయితే సమయానికి అందుకోలేనేమో అన్న దిగులు మీకు పగలే ఉంది, రాత్రి అది బొమ్మ కట్టింది. ఆ దిగులుకి చేయగలిగిన పని ఉంది: పక్కింటివాళ్ల నంబరు తీసుకోండి, ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉంచమని అమ్మకి చెప్పండి.

ఇక ఫోన్లు. అమ్మ గొంతు వినగానే హాయిగా ఉంటుంది, గంటకి మళ్లీ టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ప్రతి ఫోనూ "ప్రమాదం ఉంది, అందుకే కనుక్కోవాల్సి వచ్చింది" అని మనసుకి నేర్పుతుంది. ఈ వారం నాలుగుకి, వచ్చే వారం పొద్దున ఒకటి, రాత్రి ఒకటికి తగ్గించండి. మధ్యలో చేయాలనిపిస్తే ఇరవై నిమిషాలు ఆగి చూడండి, మొదట భయం పెరిగినట్టే ఉంటుంది, తర్వాత దానంతట అదే దిగుతుంది.

అదే కల మళ్లీ మళ్లీ వస్తుంటే పగటిపూట దాన్ని కాగితం మీద రాసి, చివర మార్చండి. బస్సు దిగారు, అమ్మ తలుపు తీసి "ఇంత ఆలస్యమా, అన్నం చల్లారిపోయింది" అంది. ఈ కొత్త కథని రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. పీడకలలకి మానసిక వైద్యంలో మేము నిజంగా వాడే పద్ధతి ఇది, రెండు మూడు వారాలు చేయాలి.

అప్పటికీ నిద్రపోవాలంటేనే భయమేస్తున్నా, పనికి వెళ్లలేకపోతున్నా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.