డిడక్షన్ పోను జీతం 12 లక్షల లోపే, పొలం మీద 4 లక్షలు: అయినా పన్ను ఎందుకొచ్చింది?

ప్రశ్న: "2025-26లో నా జీతం 12.25 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోతే 11.5 లక్షలు. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా. నా పేరున ఉన్న పొలంలో మిర్చి మీద ఖర్చులు పోను 4 లక్షలు మిగిలింది, అది చూపిస్తే ఐటీ పోర్టల్ 34 వేల దాకా కట్టమంటోంది. వ్యవసాయానికి పన్ను లేదంటారు, మరి ఇదేంటి?"

మీ పోర్టల్ లెక్క సరైనదే. నాకూ జీతంతో పాటు ఖమ్మం వైపు మిర్చి ఉంది కాబట్టి ఈ లెక్క ఏటా వేసుకుంటాను.

పొలం ఆదాయం మీద నేరుగా పన్ను వెయ్యరు, నిజమే. కానీ నికర వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటి, మిగతా ఆదాయం కూడా పన్ను లేని పరిమితిని (కొత్త పద్ధతిలో 4 లక్షలు) దాటితే, మీ జీతం ఏ శ్లాబులో పడాలో తేల్చడానికి పొలం డబ్బును కూడా కలుపుతారు. పొలం కింది శ్లాబులను ఆక్రమిస్తుంది, జీతం పైకి జరుగుతుంది.

ముందు రెండూ కలపండి: 15.5 లక్షలు. మొదటి 4 లక్షలకు సున్నా. 4 నుంచి 8 దాకా 5 శాతం, 20 వేలు. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40 వేలు. మిగిలిన 3.5 లక్షలకు 15 శాతం, 52,500. మొత్తం 1,12,500.

తర్వాత పొలం ఆదాయానికి ఆ 4 లక్షల పరిమితిని కలపండి: 8 లక్షలు. దీని మీద పన్ను 20 వేలు. మొదటి దాంట్లోంచి ఇది తీసేస్తే 92,500. రిబేటు తియ్యకముందు మీ జీతం మీద పడే పన్ను ఇదీ.

చాలామంది తప్పేది ఈ రెండో మెట్టు దగ్గరే. మా టౌన్‌లో రిటర్నులు వేసే ఒకాయన పరిమితి కలపకుండా ఉత్త 4 లక్షల మీద పన్ను చూశాడు. సున్నా వచ్చింది, దాంతో 1,12,500 మొత్తం నెత్తిన వేశాడు. మీ రిటర్న్ ప్రివ్యూలో `Rebate on agricultural income` అనే గడి ఉంటుంది. అక్కడ 20,000 కనిపిస్తే రెండో మెట్టు సరిగ్గా పడినట్టే.

ఇక 87ఎ రిబేటు, అంటే 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసే తగ్గింపు. దీన్ని మధ్య మెట్లలో కలపకూడదు, చివర్న ఒక్కసారే తియ్యాలి. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటిందా అని చూసేటప్పుడు పొలం ఆదాయం లెక్కలోకి రాదు, అది మినహాయింపు ఆదాయం. కాబట్టి మీకు 11.5 లక్షలే, రిబేటు వస్తుంది. చిక్కల్లా ఏంటంటే ఆ రిబేటుకు 60 వేల గరిష్ఠ పరిమితి ఉంది. పొలం లేకపోతే మీ పన్ను 55 వేలు, మొత్తం ఎగిరిపోయేది. ఇప్పుడు 92,500లో 60 వేలు పోను 32,500 మిగిలింది. దానికి 4 శాతం సెస్సు 1,300. మొత్తం 33,800. "12 లక్షల దాకా పన్ను లేదు" అని టీవీలో చెప్పినప్పుడు ఈ 60 వేల సంగతి ఎవరూ చెప్పరు!

ఇదే 4 లక్షల పొలం ఆదాయం, జీతం మాత్రం డిడక్షన్ పోను 9 లక్షలే అయితే? 13 లక్షల మీద 75 వేలు, అందులో 20 వేలు పోతే 55 వేలు. రిబేటు మొత్తం మింగేస్తుంది, పైసా కట్టక్కర్లేదు.

తగ్గించుకునే దారి ఒక్కటే, ఖర్చులు పక్కాగా రాయడం. విత్తనం, మందులు, కోత కూలీలు, ట్రాక్టర్ కిరాయి అన్నీ తీశాకే నికర ఆదాయం. నేను మార్కెట్లో ఇచ్చే తక్‌పట్టీలు, మందుల షాపు బిల్లులు ఒకే కవర్లో పెడతాను. తక్‌పట్టీలో కమీషన్, హమాలీ కోతలు విడిగా ఉంటాయి, చేతికొచ్చిన డబ్బును మొత్తం అమ్మకంగా రాసి వాటిని మళ్లీ ఖర్చులో చూపిస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది. కౌలుకిచ్చినా వచ్చే డబ్బు వ్యవసాయ ఆదాయమే. పాడి, కోళ్లు, చేపల చెరువు మాత్రం కావు, వాటికి మామూలు పన్నే.

పొలం ఆదాయం 5 వేలు దాటింది కాబట్టి ఐటీఆర్-1 పనికిరాదు, మీకు ఐటీఆర్-2. వివరాలు `Schedule EI`లో రాయాలి. నికర ఆదాయం 5 లక్షలు దాటితే జిల్లా, పిన్‌కోడ్, ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా లేదా అన్నవి కూడా అడుగుతుంది.

జీతంలో టీడీఎస్ కోసే ఆఫీసుకి మీ మిర్చి సంగతి తెలియదు. కట్టాల్సింది 10 వేలు దాటింది గనక ఇది అడ్వాన్స్ టాక్స్ కిందికొస్తుంది, కట్టలేదు కాబట్టి 234బి, 234సి కింద నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. మీ దాంట్లో 33,800 పైన ఇంకేమైనా కనిపిస్తే అది ఈ వడ్డీయే. వచ్చే ఏడు మిర్చి అమ్మిన వెంటనే ఈ లెక్క వేసుకుని మార్చి 15 లోపు కట్టెయ్యండి.