మూడు కెమెరాలు మార్చినప్పుడల్లా పెదవులకీ మాటకీ ఎందుకు తేడా వస్తోంది?

ప్రశ్న: మా స్కూల్ యాన్యువల్ డే లైవ్ ఇస్తున్నాం, రెండు హెచ్‌డీఎంఐ కెమెరాలు, వైఫైలో ఒక ఫోన్. కెమెరా మార్చగానే సౌండ్ తేడా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఒక్కో కెమెరా బొమ్మ ఒక్కో ఆలస్యంతో ల్యాప్‌టాప్‌కి చేరుతోంది, అదీ అసలు సంగతి. ముందు కెమెరాల మైకులన్నీ మ్యూట్ చేసి, హాల్ మిక్సర్ నుంచి ఒక్క లైన్ మాత్రం యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా తీసుకోండి. ఏ కెమెరాకి మారినా సౌండ్ అదే ఉండాలి.

తర్వాత ఒకరిని మైకు ముందు చప్పట్లు కొట్టమని, ఒక్కో కెమెరాతో విడిగా ల్యాప్‌టాప్‌లోనే రికార్డ్ చేసి, చప్పుడు వినిపించాక చేతులు కలిసేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు. కూకట్‌పల్లిలో మేం చేసిన ఒక ఫంక్షన్‌లో హెచ్‌డీఎంఐ కెమెరాలకి 3 ఫ్రేములు, ఫోన్‌కి 12 వచ్చాయి, అంటే 100, 400 మిల్లీసెకన్లు. అన్నిటికన్నా వెనకబడినదాన్నే ప్రమాణంగా పట్టుకోవాలి, అందుకని లైవ్ ఇచ్చే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు హెచ్‌డీఎంఐ కెమెరాలకీ `Render Delay` 300, మిక్సర్ ఆడియోకి `Sync Offset` 400 పెట్టాం. కూచిపూడి పిల్లల అడుగూ గజ్జెల చప్పుడూ అప్పుడు కలిశాయి.

ఆ `Render Delay` ఫిల్టర్ 500 మిల్లీసెకన్లు దాటదు. పైగా హాల్ నిండి అందరూ ఫోన్లు తీశాక వైఫై ఆలస్యం మారిపోతుంది, మీరు పెట్టిన లెక్క తప్పుతుంది. వీలైతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, మళ్లీ కొలవండి.