స్టూడియోకు తెలుగు సబ్‌టైటిళ్ల మెయిల్: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

వీడియోలకు తెలుగు సబ్‌టైటిళ్లు చేసిస్తానంటూ బెంగళూరు స్టూడియోకు నువ్వు రాసిన మెయిల్ ముసాయిదా చదివాను. ఇంగ్లీషులో తప్పుల్లేవు. కానీ మొదటి పేరా అంతా నీ చదువూ భాషాభిమానమూ, రెండో పేరా తెలుగువాళ్లు 8 కోట్ల మందికి పైగా ఉన్నారనే లెక్క, మూడోది సబ్‌టైటిళ్లు ఎందుకు అవసరమో చెప్పే ఉపన్యాసం. ఆ బెంగళూరు స్టూడియోవాళ్లు తీసిన వీడియో పేరు మాత్రం ఎక్కడా లేదు. పైన పేరు మార్చి ఇదే మెయిల్ ఇంకెవరికి పంపినా సరిపోతుంది. అదే దాని జబ్బు.

అవతల చదివేది ఎవరో ముందు ఆలోచించు. అలాంటి చిన్న స్టూడియోలో నలుగురైదుగురు ఉంటారు. ఒకరు కెమెరా, ఒకరు ఎడిటింగ్. ఇంకొకరు క్లయింట్లతో మాట్లాడుతూ, బిల్లులు పంపుతూ, మధ్యలో మెయిళ్లు చూస్తుంటారు. నీ మెయిల్ చేరేది ఆ మూడో మనిషికే. ఆయనకు తెలుగు చదవడం రాకపోవచ్చు. నీ తెలుగు ఎంత బాగుందో ఆయన తేల్చుకోలేడు కాబట్టి ఆయన ఆలోచన వేరే దారిలో నడుస్తుంది: దీనివల్ల మా ఎడిటర్‌కు ఎంత పని పెరుగుతుంది, తెలుగులో తప్పు పోతే మాకెలా తెలుస్తుంది, ఎంత అవుతుంది. ఈ మూడింటికీ జవాబు ఇస్తే మెయిల్ అయిపోయినట్టే.

జవాబు మాటల్లో చెప్పేకంటే చేసి చూపించు. గుంటలు తీసి రాగి నాటే గుళి రాగి పద్ధతి మీద నువ్వు చెప్పిన ఆ కన్నడ వీడియోనే తీసుకో. 8 నిమిషాల్లో ఒక్క నిమిషానికి తెలుగు సబ్‌టైటిళ్లు చేసి జతచెయ్యి. మొత్తం చెయ్యకు. ఉచితంగా అంతా చేసి పంపితే తర్వాత డబ్బు అడగడం కష్టం. పైగా అడక్కుండా అంత పని చేసి పంపినవాళ్లను చూస్తే అవతలివాళ్లకు మొహమాటం. ఆ నిమిషం కూడా చూసి ఎంచుకో. మొదట్లో సంగీతంతో పొలాలు చూపించే ముక్కలో మాటలే ఉండవు, అక్కడ నీ పనితనం కనబడదు. రైతు గడగడా మాట్లాడే చోటు తీసుకో. ఆయన అక్కడ చెప్పేది దాదాపు ఇది: చూడండి సార్, మేమేం చేస్తామంటే, ఒక్కో గుంటలో రెండు నారు మొక్కలే పెడతాం, ఎక్కువ పెట్టం, ఆ గుంటకూ ఈ గుంటకూ మధ్య అడుగున్నర ఎడం ఉండాలి. ఇదంతా ఒక్క గుక్కలో అనేస్తాడు. మాటకు మాట రాస్తే చదివేవాడు సగంలో ఉండగానే అక్షరాలు మాయమవుతాయి. నేనైతే ఇలా పెడతాను:

```
2
00:01:12,400 --> 00:01:16,200
గుంటకు రెండు నారు మొక్కలే.
మధ్య అడుగున్నర ఎడం.
```

3.8 సెకన్లలో రెండు లైన్లూ కలిపి 45 అక్షరాలు, అంటే సెకనుకు 12. నువ్వు వాడే సాఫ్ట్‌వేర్ గుణింతపు గుర్తునూ పొల్లునూ విడివిడిగా లెక్కపెడుతుందని మర్చిపోకు. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, దానికి ఆరు. ఇంగ్లీషుకు చెప్పే లైనుకు 42 అనే హద్దును తెలుగులోనూ పెట్టుకోవచ్చు. వేగం మాత్రం రైతులు చూసే వీడియో కాబట్టి నేను సెకనుకు 15 దాటనివ్వను. ఇదంతా మెయిల్లో రాయకు, ఆ లెక్కలు ఆయనకెందుకు? ఫైల్లో కనబడితే చాలు.

ఇప్పుడు ఆయనకు చూపించడం ఎలా అన్నది. వాళ్ల వీడియోను దించి, సబ్‌టైటిళ్లు అతికించి, నీ ఛానెల్లో పెట్టి లింకు పంపకు. అన్‌లిస్టెడ్‌గా పెట్టినా అది వాళ్ల సొత్తు, వాళ్లను అడక్కుండా ఎక్కించినట్టే. సబ్‌టైటిళ్లూ వాటి టైమింగూ ఉండే SRT ఫైలు ఒక్కటి జతచెయ్యి. వాళ్ల దగ్గర అసలు వీడియో ఎలాగూ ఉంటుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచి VLCలో తెరిస్తే కనబడుతుందని ఒక వాక్యం రాయి. ఫైలు UTF-8లో సేవ్ చేశావో లేదో చూసుకో. లేకపోతే తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వరుస కడతాయి, ఆ మనిషి నీ పనే అంత అనుకుంటాడు.

అయితే ఆ మెయిల్‌ను ఆయన ఫోన్‌లో చూస్తాడనే అనుకో. SRT ఫోన్‌లో తెరవడు. అందుకని ఆ వీడియోలోంచే ఒక ఫ్రేము, దాని మీద తెలుగు లైను ఉన్న బొమ్మ, మెయిల్ లోపలే కనబడేట్టు పెట్టు. రైతు పేరు కింద పట్టీలో వచ్చే ఫ్రేము వద్దు, సబ్‌టైటిల్ దాని మీద పడి చిందరవందరగా ఉంటుంది. ఇంకో సంగతి. వాళ్లు ఇప్పటికే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను వీడియోలోనే ముద్రించేసి ఉంటే నీ తెలుగు వాటి మీద పడుతుంది. అలాంటి వీడియోను నమూనాకు ఎంచుకోకు. పని ఖాయమైనప్పుడు మాత్రం పేర్లూ అక్షరాలూ ఏవీ లేని శుభ్రమైన కాపీ అడుగు.

పంపిణీ గురించి నీ ముసాయిదాలో ఒక్క ముక్క లేదు. నాకు అన్నిటికంటే లోటుగా అనిపించింది అదే. యూట్యూబ్‌లో ప్రేక్షకులే సబ్‌టైటిళ్లు చేర్చే వీలు 2020 సెప్టెంబరులో తీసేశారు. ఇప్పుడు ఛానెల్‌వాళ్లే ఎక్కించాలి, లేదా సెట్టింగ్స్‌లో Permissions కింద నీకు Subtitle editor హోదా ఇవ్వాలి. ఆ హోదాతో సబ్‌టైటిళ్లు తప్ప ఛానెల్లో ఇంకేమీ మార్చలేవు. ఆ సంగతి చెబితే వాళ్లకు భయం పోతుంది. తెలుగు శీర్షిక, వివరణ కూడా రాసిస్తానను. లోపల తెలుగు ఉందని బయట తెలియకపోతే వీడియో ఎవరు తెరుస్తారు?

అసలు చిక్కు వాట్సాప్‌తో. రైతుల చేతికి ఇలాంటి వీడియోలు చేరేది ఎక్కువగా అక్కడే, SRT అక్కడికి వీడియోతో పాటు రాదు. అక్షరాలను బొమ్మలోనే ముద్రించాలి. ఆ పని తెలుగు రాని ఎడిటర్ చేస్తే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. నీ లైన్లు కాపీ చేసి టైమ్‌లైన్‌లో అతికిస్తాడు. 'మొక్కలు' కాస్తా 'మొక్‌కలు' అవుతుంది: ఒత్తు కిందికి దిగకుండా పొల్లు పైన నిలబడిపోతుంది. గదిలో తెలుగు చదివేవాడు లేడు కాబట్టి ఎవరూ గమనించరు, అలాగే బయటికి వెళ్తుంది. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే Preferences లోపల Graphics కింద టెక్స్ట్ ఇంజన్‌ను South Asian and Middle Eastern అని మార్చాలి. అది చాలామందికి తెలియదు. రెండో తంటా, పై లైనులోని ఒత్తులు కింది లైనులోని గుడులను తాకుతాయి. ఇంగ్లీషుకు పెట్టిన లైన్ల ఎడం తెలుగుకు చాలదు, కొంచెం పెంచాలి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టమను, ఉచితం. (మన వైపు ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లు ఎవరైనా అంటగడితే వద్దను, అవి యూనికోడ్ కావు, నీ ఫైలు వాటిలో సరిగ్గా కనబడదు.)

కాబట్టి ముద్రించే పని కూడా నేనే చేసిస్తానని మెయిల్లో చెప్పు. వాళ్లే చేసుకుంటామంటే, విడుదలకు ముందు ఒకసారి చూసిపెడతానను. ఇందాకటి భయానికి, తెలుగులో తప్పు పోతే ఎలా అన్నదానికి, జవాబు ఇదే. నువ్వు పంపిన బొమ్మను పక్కన పెట్టుకుంటే తెలుగు రానివాళ్లు కూడా అక్షరాల ఆకారాలు సరిపోల్చుకోవచ్చు.

ఇక ప్రాంతం. మడకశిర రైతులకు ఉపయోగమని రాశావు. అక్కడ చాలామందికి కన్నడ వస్తుంది, బెంగళూరువాళ్లకు ఆ సంగతి తెలుసు కూడా. మదనపల్లె అను, పాడేరు అను. రాగి పండించే చోట్లే, కన్నడ అంతగా అందని చోట్లు.

మెయిల్ ఇంగ్లీషులోనే పంపు. సారం మాత్రం ఇలా ఉండాలి:

"సబ్జెక్టు: మీ గుళి రాగి వీడియో – ఒక నిమిషం తెలుగు సబ్‌టైటిళ్లు జతచేశాను

నమస్కారం. గుళి రాగి మీద మీరు తీసిన 8 నిమిషాల వీడియో చూశాను. మదనపల్లె, పాడేరు వైపు రాగి వేసే తెలుగు రైతులకు ఇది నేరుగా పనికొస్తుంది. 1:05 నుంచి 2:05 వరకు తెలుగు సబ్‌టైటిళ్లు చేసి జతచేశాను. కన్నడ విని చేసినవి, ఇంగ్లీషు మీద ఆధారపడలేదు. తెర మీద ఎలా ఉంటాయో కింది బొమ్మలో ఉంది. మీకు తెలిసిన తెలుగువారెవరికైనా చూపించి అడగండి.

మొత్తం వీడియోకు 1,600 రూపాయలు. ఇందులో SRT ఫైలు, తెలుగు శీర్షిక, వివరణ, ఒకసారి సవరణ ఉంటాయి. వాట్సాప్‌కు అక్షరాలు ముద్రించిన కాపీ కావాలంటే మరో 400. అక్షరాలు లేని వీడియో కాపీ పంపితే మూడు పనిదినాల్లో ఇస్తాను. మీ వైపు నుంచి ఇంకేమీ అక్కర్లేదు."

ఇంతే. కింద నీ పేరు, ఫోన్ నంబరు. చదువూ అనుభవమూ అడిగితే చెప్పొచ్చు. రేటు నేను ఉదాహరణకు వేశాను, నీ లెక్క నువ్వు వేసుకో: జాగ్రత్తగా చేస్తే నిమిషం వీడియోకు అరగంట పడుతుంది, అంటే ఇది నాలుగు గంటల పని, పైన సరిచూసుకునే సమయం. నిమిషానికి ఇంత అని వదిలేయకుండా మొత్తం ఎంతో రాస్తే అవతలి మనిషి కాలిక్యులేటర్ వెతుక్కోడు. "ఒకసారి సవరణ" అన్న మాట తీసెయ్యకు. అది లేకపోతే వీడియో మళ్లీ ఎడిట్ చేసి, టైమింగ్ అంతా జరిపేసి, ఉచితంగా సరిచెయ్యమంటారు.

వారం దాకా జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రెండు లైన్లలో ఒక్కసారి గుర్తుచెయ్యి. అప్పుడూ పలక్కపోతే వదిలెయ్యి. ఒకవేళ "యూట్యూబ్ దానంతట అదే అనువదిస్తుంది కదా" అని రాస్తే వాదనకు దిగకు. పైన నేను రాసిన ఆ గుంటల లైను దగ్గర యూట్యూబ్ ఇచ్చేదీ నువ్వు రాసిందీ పక్కపక్కన పెట్టి పంపు, ఏది వాడాలో వాళ్లకు తెలిసిన తెలుగువాళ్లే చెబుతారు.

పంపే ముందు ఆ SRT ఒకసారి నాకు పెట్టు. ఇక్కడ పాత విండోస్ మిషనొకటి ఉంది, దాంట్లో సరిగ్గా తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఇట్లు,
మావయ్య