మీ పక్క సీటు భాయ్‌కి రంజాన్ ముబారక్ చెప్పేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నెలవంక కనిపిస్తే ఎల్లుండి నుంచి రోజాలు మొదలవుతాయని, మీ పక్క సీటు భాయ్‌తో ఏమనాలో, ఏమనకూడదో తెలియట్లేదని ఫోన్‌లో అన్నావు. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, సరిగా చెప్పలేకపోయాను.

మొదటి రోజా నాడు ఆఫీసుకు రాగానే "రంజాన్ ముబారక్ భాయ్" అను, చాలు. ఆయన "ఖైర్ ముబారక్" అనో, "థాంక్యూ" అనో అంటారు. మర్నాటి నుంచి మామూలుగా గుడ్ మార్నింగే. "ఈద్ ముబారక్" మాత్రం ఇప్పుడే అనకు. అది నెలాఖరున షవ్వాల్ నెలవంక కనిపించాక, పండగకి చెప్పేది. మొదటి రోజే ఈద్ ముబారక్ అంటే ఎవరూ తప్పు పట్టరు కానీ, ఇంకా నెల రోజుల ఉపవాసం ముందున్న మనిషికి పండగైపోయినట్టు చెప్పినట్టవుతుంది.

ఇక తిండి సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అక్క పెళ్లి లడ్డూలు పట్టుకెళ్లి సెక్షనంతా పంచాను. మా సీనియర్ అసిస్టెంట్ దగ్గరికి వెళితే చిన్నగా నవ్వి "రోజా అమ్మా" అన్నారు. అక్కడితో ఆగొచ్చుగా? "శుభకార్యం సార్, చిన్న ముక్క" అన్నాను. ఆయన నొచ్చుకోకుండా లడ్డూ తీసుకుని, ఒక పాత కవరులో చుట్టి, డ్రాయర్లో పెట్టుకున్నారు. అటూ ఇటూ సీట్లవాళ్లు మొదలుపెట్టారు, నీళ్లయినా తాగరా, ఉమ్మి మింగొచ్చా అని. సాయంత్రం దాకా ఆయన ఫైళ్లు చూడటం కంటే జవాబులు చెప్పడమే ఎక్కువైంది. ఆ గోలకి కారణం నా లడ్డూయే.

అదే నన్ను కార్తీక సోమవారం నాడు "ఒక్క కాఫీకి ఏమవుతుందిలే" అంటే నాకెంత చిరాకో! నక్షత్రం చూసేదాకా ఉంటానని అనుకున్నదాన్ని, పదిమందికి పదిసార్లు వద్దనడం ఆకలి కన్నా విసుగు. రోజాలో అయితే మంచినీళ్లు కూడా ఉండవు. మార్చి నెలలో మన హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో సహరీ ముగిస్తే మళ్లీ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మగ్రిబ్ వేళకే నోట్లో ఏదైనా వేసుకునేది. అందుకే "పండు తినొచ్చుగా, జ్యూసయినా తాగండి" లాంటివి వద్దు. టీ అబ్బాయి వచ్చినప్పుడు ఆయన తరఫున నువ్వు "భాయ్‌కి వద్దు, రోజా" అని కేకేయకు. అది ఆయన చూసుకుంటారు. ఎవరిదైనా బర్త్‌డే కేకు కోస్తే "మీ ముక్క దాచనా" అని కూడా అడగకు. కావాలంటే ఆయనే చెబుతారు.

నీ డబ్బా నువ్వు మామూలుగా తిను. ప్రతి మధ్యాహ్నం "మీ ముందు తినొచ్చా భాయ్" అని అనుమతి అడిగితే అదీ ఒక బాధే. "అయ్యో పాపం", "నేనైతే ఒక్క పూట ఉండలేను", "బరువు తగ్గుతారులే" ఇవి ప్రేమతో అన్నా వినేవాళ్లకి హాయిగా ఉండవు. ఆయన దాన్ని కష్టంగా చెప్పుకోవట్లేదు కదా.

మీ టీమ్‌లో ఒక ముస్లిం అమ్మాయి కూడా ఉందన్నావు. ఆ అమ్మాయి ఏదో ఒక రోజు నీళ్లు తాగుతూ కనిపిస్తే "ఇవాళ రోజా లేదా?" అని మాత్రం అడగొద్దు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండరు, ఆ రోజులు తర్వాత తీర్చుకుంటారు. గర్భిణులకూ, జబ్బు పడ్డవాళ్లకూ, ప్రయాణంలో ఉన్నవాళ్లకూ సడలింపు ఉంది. అందులో ఏ కారణమో నలుగురిలో చెప్పాల్సి రావడం ఎంత ఇబ్బందో నీకు వేరే చెప్పక్కర్లేదు. రంజాన్ ముబారక్ అన్నది ఆ నెలకి చెప్పే మాట, రోజా ఉన్నా లేకపోయినా సరిపోతుంది.

పొరపాటున అలవాటు కొద్దీ కాఫీ కప్పు ఆయన ముందు పెట్టేశావనుకో, "సారీ భాయ్, మర్చిపోయాను" అని వెనక్కి తీసుకో. పది నిమిషాలు క్షమాపణ చెప్పకు. అలా చెబితే ఆయనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.

నిజంగా మర్యాద చేయాలనుకుంటే సాయంత్రం చెయ్యి. తెలంగాణలో ప్రభుత్వ ముస్లిం ఉద్యోగులను ఈ నెలలో 4 గంటలకే వెళ్లనిస్తారు. మీ ప్రైవేటు కంపెనీలో ఆ వెసులుబాటు లేకపోవచ్చు. ఐదున్నరకి మీటింగ్ పెట్టబోతుంటే నువ్వే "పొద్దున పెట్టుకుందామా" అను, ఆయన పేరు ఎత్తకుండా. బయల్దేరేటప్పుడు "ట్రాఫిక్ పెరక్కముందే వెళ్లండి భాయ్, మిగతాది రేపు చూద్దాం" అను. మా సీనియర్‌కి నేను ఆ తర్వాతి ఏళ్లలో చేసింది ఇంతే. ఆఖరి బిల్లు నా టేబుల్ మీదికి లాక్కునేదాన్ని.

పండగ మర్నాడు ఆయన షీర్ ఖుర్మా డబ్బా తెస్తారు, చూడు. ఆ రోజు మాత్రం డైటింగ్ అనకు. డబ్బా కడిగి తిరిగివ్వు.

మీ అత్తయ్య